కోటిన్నర, నెలకు 50 వేలు, 30 ఏళ్లు: ఒక సిమ్యులేటర్ 92 అంటోంది, ఇంకోటి 70 అంటోంది

బెజవాడ_వేణు

అందరికీ నమస్కారం. నాన్నగారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు, వయసు 60. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి చెప్పుకోదగ్గ పెన్షన్ లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ, పొదుపు అన్నీ కలిపితే 1.5 కోట్లు. సొంత ఇల్లు ఉంది, అప్పుల్లేవు. అమ్మానాన్నలకు నెలకు 50 వేలు కావాలి, అంటే మొదటి ఏడాది 6 లక్షలు. ఆ తర్వాత ఏటా ధరలు పెరిగినంత పెంచుకుంటూ పోవాలి. సగం ఇండెక్స్ ఫండ్, సగం డెట్ అనుకుంటున్నాం. 30 ఏళ్లు రావాలి.

వేలకొద్దీ మార్కెట్ దారులు వేసి చూసే మాంటే కార్లో కాలిక్యులేటర్లు రెండు వాడాను. ఇవే అంకెలకు ఒకటి 92 శాతం సక్సెస్ చూపించింది, రెండోది 70 చూపించింది. 92 అయితే ధైర్యంగా ఉండొచ్చు, 70 అయితే నాన్నగారిని ఇంకో రెండేళ్లు పనిచేయమనాలి. ఏది నమ్మాలి?

లెక్కల_లక్ష్మి

వేణు గారూ, ఏది నమ్మాలో తర్వాత చూద్దాం. ముందు రెండింటిలో సెట్టింగ్స్ పేజీ తెరిచి నాలుగు అంకెలు చెప్పండి. ఈక్విటీ సగటు రాబడి, దాని ఒడిదొడుకు (స్టాండర్డ్ డీవియేషన్ అని ఉంటుంది), డెట్ రాబడి, ఇన్‌ఫ్లేషన్. ఇవి చూపించని కాలిక్యులేటర్ అయితే దాని జవాబును పక్కన పెట్టేయండి.

బెజవాడ_వేణు

రెండింట్లోనూ దొరికాయండి. 92 చెప్పినదాంట్లో ఈక్విటీ 14, ఇన్‌ఫ్లేషన్ 5. 70 చెప్పినదాంట్లో ఈక్విటీ 12, ఇన్‌ఫ్లేషన్ 6. మిగతావి రెండింట్లోనూ ఒకటే: ఈక్విటీ ఒడిదొడుకు 22, డెట్ 7, డెట్ ఒడిదొడుకు 4. ఇంత చిన్న తేడాకే 22 పాయింట్లు మారతాయా?

లెక్కల_లక్ష్మి

మారతాయి, మీ దగ్గర జరిగింది సరిగ్గా అదే. సగం ఈక్విటీ కాబట్టి 2 శాతం తేడా మొత్తం పోర్ట్‌ఫోలియో మీద 1 శాతం అవుతుంది. ఇన్‌ఫ్లేషన్ తేడా ఇంకో 1 శాతం. ధరల పెరుగుదల తీసేశాక మిగిలే రాబడి రెండో కాలిక్యులేటర్‌లో సుమారు 2.7 శాతం, మొదటిదాంట్లో 4.7 దగ్గర. 30 ఏళ్ల మీద ఈ తేడా చాలా పెద్దది.

విడివిడిగా చూడాలంటే 70 ఇచ్చినదాంట్లో ఈక్విటీని మాత్రం 14కి మార్చండి, 82-83 వస్తుంది. దాన్ని మళ్లీ 12కి తెచ్చి ఇన్‌ఫ్లేషన్‌ను మాత్రం 5 చేసినా దాదాపు అంతే. ఇప్పుడు అటువైపు కూడా చూడండి. ఈక్విటీ 12 ఉంచి ఇన్‌ఫ్లేషన్ 7 పెడితే 55 దగ్గరికి జారుతుంది.

కాబట్టి 70 అన్నది మీ నాన్నగారి డబ్బు నిలిచే సంభావ్యత కాదు. ఈ నాలుగు ఊహలూ నిజమైతేనే పదివేల దారుల్లో ఏడువేలు చివరిదాకా వస్తాయని దాని అర్థం. ఊహలు సరైనవో కావో సిమ్యులేషన్‌కు తెలియదు.

మిడ్‌క్యాప్_మధు

ఇందులో అంత గందరగోళం లేదు బ్రో. మన ఇండెక్స్ దీర్ఘకాలంలో డివిడెండ్లతో కలిపి ఏటా సుమారు 12 శాతం చొప్పున పెరిగింది, అదే సీఏజీఆర్. కాబట్టి సగటు రాబడి గడిలో 12 పెట్టాలి. 14 పెట్టినవాడు ఆశపోతు. 70 చెప్పిన కాలిక్యులేటరే సరైనది.

లెక్కల_లక్ష్మి

మధు గారు గతంలో 12 దగ్గర సీఏజీఆర్ వచ్చిందన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ గడిలో పెట్టాల్సింది సీఏజీఆర్ కాదు, ఏటేటి రాబడుల సాధారణ సగటు. రెండూ వేరు.

నిఫ్టీనే తీసుకోండి. 2008లో సుమారు 52 శాతం పడింది, 2009లో సుమారు 76 శాతం లేచింది. రెండేళ్ల సగటు 12 శాతం. కానీ 100 రూపాయలు మొదట 48 అయి, ఆ 48 మీద 76 శాతం పెరిగితే 84.5 దగ్గర ఆగాయి. సగటు 12 ఉన్నా డబ్బు తగ్గింది. ఒడిదొడుకు ఎంత ఎక్కువైతే సగటుకూ, నిజంగా చేతికొచ్చే వృద్ధికీ మధ్య దూరం అంత పెరుగుతుంది. ఆ దూరం దాదాపు ఒడిదొడుకు వర్గంలో సగం. 22 శాతానికి 0.22 × 0.22 ÷ 2 = 0.024, అంటే రెండు శాతం పైనే.

సిమ్యులేటర్ ఏటా సగటు చుట్టూ ఒక రాబడిని లాగుతుంది, వాటిని ఒకదానిమీద ఒకటి గుణిస్తుంది. గడిలో 12 పెడితే మధ్యస్థ దారిలో వచ్చే సీఏజీఆర్ 10 లోపే. 12 సీఏజీఆర్ కావాలంటే 14 పెట్టాలి. 14 ఆశపోతు అంకె అనడానికి లేదు, అది మీరు నమ్ముతున్న 12నే ఇంకో రూపంలో చెప్పింది. కొన్ని టూల్స్ నేరుగా సీఏజీఆర్ అడిగి లోపల మార్చుకుంటాయి. అందుకే గడి పక్కన అరిథ్మెటిక్ అని ఉందా, జామెట్రిక్ అని ఉందా చూడాలి.

మిడ్‌క్యాప్_మధు

అంటే వేణుకి 82 అన్నమాట? ఈక్విటీ 14, ఇన్‌ఫ్లేషన్ 6?

లెక్కల_లక్ష్మి

గతం అలాగే కొనసాగుతుందనుకుంటే, అవును. కానీ 1990ల నుంచి వచ్చిన రాబడిలో ఎదిగే దేశపు వృద్ధి ఉంది, ఆ రోజుల్లోని ఎక్కువ వడ్డీలు, ఎక్కువ ధరల పెరుగుదల కూడా ఉన్నాయి. వచ్చే 30 ఏళ్లకు అదే ఎందుకు పెట్టాలి? నేనైతే 12 పెట్టి, ముందుకు 10 లోపు సీఏజీఆర్ వస్తుందనే లెక్క వేసుకుంటాను. ఇది నా జాగ్రత్త, దీనికి రుజువు చూపలేను.

మిడ్‌క్యాప్_మధు

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మన దేశానికి 10 లోపు అంటే మరీ నిరాశ.

పోస్టాఫీసు_రావు

ఇంత తతంగం దేనికండీ? కోటిన్నర ఎఫ్‌డీలో 7 శాతానికి వేస్తే ఏడాదికి 10.5 లక్షలు వడ్డీ. కావాల్సింది 6 లక్షలు. ఇంకా 4.5 లక్షలు మిగులుతాయి. దానికి మార్కెట్ దారులు, పదివేల లెక్కలు ఎందుకు? సీనియర్ సిటిజన్ స్కీములో అయితే 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికి డబ్బు.

లెక్కల_లక్ష్మి

రావు గారూ, మీరు చెప్పినదాన్నే ఒక ఒడిదొడుకూ లేని దారిగా వేసి చూద్దాం. 7 శాతం ఏటా తప్పకుండా వస్తుంది, పన్ను లేదు, ఖర్చు మొదటి ఏడాది 6 లక్షలు, ఏటా 6 శాతం పెరుగుతుంది. మొదట్లో మిగులు కనిపిస్తుంది. కానీ పదో ఏడు దాటేసరికి ఖర్చు 10.7 లక్షలు అవుతుంది, 20 ఏళ్లకు 19 లక్షలు దాటుతుంది. లెక్క వేస్తే 28 ఏళ్లు పూర్తిగా వస్తుంది, 29వ ఏట చాలదు. పన్ను పోగా చేతికి 6.5 శాతమే మిగిలితే 26 ఏళ్లకే అయిపోతుంది. అంటే 30 ఏళ్ల పరీక్షలో ఇది ప్రతిసారీ తప్పుతుంది. సగం ఈక్విటీ ఉన్న దారి పదింట మూడుసార్లు తప్పుతుంది.

సీనియర్ సిటిజన్ స్కీము మంచిదే, వేణు గారు వాడుకోవాలి కూడా. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి పరిమితి 30 లక్షలు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 61,500 వస్తుంది. కానీ ఆ 61,500 ధరలతో పెరగదు. ఏటా 6 శాతం ధరలు పెరిగితే పదేళ్ల తర్వాత దాని విలువ ఇవాళ్టి 34 వేలకు సమానం. పైగా గడువు ఐదేళ్లు, ఆ తర్వాత మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు, కానీ అప్పటి వడ్డీ ఎంతుంటే అంత. సిమ్యులేషన్‌లో దీన్ని "నమ్మకమైన ఆదాయం" గడిలో పెట్టేటప్పుడు పక్కనే ఇన్‌ఫ్లేషన్‌తో పెరుగుతుందా అనే టిక్ ఉంటుంది. అది తీసేయాలి. ఆ టిక్ అలాగే వదిలేస్తే సక్సెస్ ఊరికే పైకి పోతుంది.

కోడ్_కరీం

కాలిక్యులేటర్ లోపల ఏం జరుగుతోందో కనబడాలంటే సొంతంగా రాసుకోవడమే మేలు, పెద్ద పనేం కాదు. అన్నీ లక్షల్లో. వేణు అన్నా, ఇది మీ కేసే.

```python
import numpy as np
rng = np.random.default_rng(7)
N, Y = 10000, 30
w, em, es = 0.5, 0.12, 0.22
dm, ds, inf = 0.07, 0.04, 0.06

bal = np.full(N, 150.0)
spend = 6.0
fail = np.zeros(N, dtype=int)
for y in range(1, Y + 1):
    fail[(fail == 0) & (bal < spend)] = y
    bal = np.maximum(bal - spend, 0)
    r = w * rng.normal(em, es, N) + (1 - w) * rng.normal(dm, ds, N)
    bal *= 1 + r
    spend *= 1 + inf

print((fail == 0).mean())
print(np.percentile(fail[fail > 0], [10, 50]))
```

ఏడాది మొదట్లోనే ఆ ఏటి ఖర్చు తీసేస్తుంది, మిగిలినదాని మీద రాబడి వేస్తుంది. `fail`లో ఏ ఏట డబ్బు చాల్లేదో ఉంటుంది, సున్నా ఉంటే 30 ఏళ్లూ వచ్చినట్టు.

ఒక సంగతి గమనించండి. `w` ప్రతి ఏడూ అదే 0.5గా ఉంది. అంటే ఏటా ఈక్విటీ, డెట్ మళ్లీ సగం సగం చేస్తున్నారని, దానికి పన్ను గానీ ఖర్చు గానీ లేదని ఈ కోడ్ అనుకుంటోంది. నిజంగా అయితే ఈక్విటీ అమ్మినప్పుడు ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం పడుతుంది. సులువు మార్గం, పన్ను అంచనా వేసి ఖర్చులోనే కలిపేయడం. 6 బదులు 6.3 అలా.

బెజవాడ_వేణు

కరీం, చాలా థాంక్స్. నడిపాను, 0.70 చుట్టూ వస్తోంది. కానీ N ని 1000 చేసి `default_rng` లో అంకె మార్చినప్పుడల్లా ఒకసారి 68, ఒకసారి 72 అంటోంది. ఇదేం తేడా?

కోడ్_కరీం

అది కేవలం పాచిక తేడా అన్నా. 1000 దారులకు 70 శాతం దగ్గర అటూ ఇటూ 3 పాయింట్ల దాకా ఊగుతుంది. 10000కి అది 1 లోపే. అంతకంటే పెంచి లాభం లేదు. ఇన్‌ఫ్లేషన్ 1 శాతం మార్చితే 15 పాయింట్లు కదులుతున్నప్పుడు లక్ష దారులు వేసి దశాంశం తర్వాత అంకె చూడటం వృథా. రెండు ప్లాన్లు పోల్చేటప్పుడు మాత్రం `default_rng(7)` అలాగే ఉంచండి. రెండిటికీ అవే దారులు వస్తాయి, కనబడే తేడా ప్లాన్‌దే అవుతుంది.

డాలస్_శ్రీను

నా పరిస్థితి కొంచెం వేరు, ఇక్కడే అడుగుతున్నా. 401(k), ఇండెక్స్ ఫండ్లు అన్నీ డాలర్లలో ఉన్నాయి. 58కి హైదరాబాద్ వచ్చేద్దామని. అమెరికాలో అందరూ 4 శాతం తీసుకుంటే 30 ఏళ్లు వస్తుందంటారు. పెట్టుబడి అమెరికాలోనే ఉంటుంది కాబట్టి నాకు 4 శాతం సరిపోతుంది కదా?

లెక్కల_లక్ష్మి

శ్రీను గారూ, ఆ 4 శాతం 1994లో బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు చేసిన లెక్క నుంచి వచ్చింది. 1926 నుంచి ఉన్న అమెరికా షేర్లు, బాండ్ల రాబడి, అమెరికా ధరల పెరుగుదల, డాలర్లలో ఖర్చు. 1998 నాటి ట్రినిటీ అధ్యయనం కూడా అమెరికా గణాంకాల మీదే. మీ పెట్టుబడి ఆ లెక్కలోదే, ఖర్చు మాత్రం హైదరాబాద్‌లో రూపాయల్లో ఉంటుంది. మీ సిమ్యులేషన్‌లో ఒక వరుస ఎక్కువ ఉండాలి: డాలర్ విలువ.

మామూలుగా జరిగే పొరపాటు రెండు రకాలు. అమెరికా ఇన్‌ఫ్లేషన్ 2.5 పెట్టి రూపాయి ఖర్చును దానితోనే పెంచితే సక్సెస్ మరీ ఎక్కువ వస్తుంది. భారత ఇన్‌ఫ్లేషన్ 6 పెట్టి డాలర్ రేటును కదలకుండా ఉంచితే మరీ తక్కువ వస్తుంది. 2010లో డాలర్ 45-46 రూపాయలు, 2024లో 83-84. ఏటా నాలుగు శాతం పైన. ఇన్‌ఫ్లేషన్ తేడాలో చాలా భాగం ఆ పెరుగుదలే పూడ్చింది. రెండూ కలిపి నడపండి: ఏటా డాలర్ రాబడి, దానిమీద డాలర్ రేటు మార్పు (సగటు 3, ఒడిదొడుకు 6 లాంటివి పెట్టి చూడొచ్చు), ఖర్చు భారత ఇన్‌ఫ్లేషన్‌తో.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. 2008 మొదట్లో డాలర్ 39-40 దగ్గర ఉంటే, మార్కెట్లు కూలిన తర్వాత 50 దగ్గరికి చేరింది. షేర్లు పడ్డ ఏడు డాలర్ పెరగడం మీకు కొంత రక్ష. విడివిడిగా పాచికలు వేస్తే ఈ రక్ష లెక్కలోకి రాదు.

డాలస్_శ్రీను

రేటు కదలకుండానే వేశాను ఇన్నాళ్లూ. కానీ రూపాయి ఏటా 3 శాతం పడుతుందని 30 ఏళ్లకు ఎలా నమ్మాలి?

లెక్కల_లక్ష్మి

నమ్మక్కర్లేదు. 1, 3, 4 మూడూ పెట్టి నడపండి. 1 దగ్గర కూడా నిలబడితే ఆ సంగతి మర్చిపోవచ్చు.

వేణు గారి దగ్గరికి వస్తాను. ఆ 70 అంకెను కాసేపు వదిలేసి, తప్పిన మూడువేల దారులను చూడండి. కరీం గారి కోడ్ చివరి వరుస అదే చూపిస్తుంది. తప్పినవాటిలో సగం 25-26వ ఏట దాకా వస్తాయి. పదోవంతు మాత్రం 20-21కే అయిపోతాయి. 85 ఏళ్లప్పుడు డబ్బు అయిపోవడం, 80కే అయిపోవడం ఒకటి కాదు, కానీ సక్సెస్ శాతం రెండింటినీ ఒకే గాట కడుతుంది. 29వ ఏట పదివేలు తక్కువైనా అది తప్పినదే.

తర్వాత ఆ తప్పిన దారుల్లో మొదటి పదేళ్ల రాబడి సగటు తీయండి, గెలిచిన దారులతో పోల్చండి. పెద్ద తేడా అక్కడే కనబడుతుంది. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. ధరల పెరుగుదల తీసేసి ఇవాళ్టి రూపాయల్లో: 150 లక్షలు, ఏటా మొదట్లో 6 లక్షలు తీస్తాం. మూడేళ్లు చెడ్డవి: మైనస్ 15, మైనస్ 10, సున్నా. మిగతా 27 ఏళ్లు ఏటా 4 శాతం.

చెడ్డ మూడేళ్లు మొదట వస్తే 150 నుంచి 6 తీసి 144, అది 15 శాతం పడి 122.4. మళ్లీ 6 తీసి 10 శాతం పడితే 104.8. మరో 6 తీస్తే 98.8. ఇక 27 ఏళ్లు ఏటా 6 లక్షలు ఇవ్వడానికి 4 శాతం దగ్గర 101.9 లక్షలు ఉండాలి. ఉన్నది 98.8. ఆ మూడు లక్షల లోటే పెరిగి పెరిగి 29వ ఏట డబ్బు చాలకుండా చేస్తుంది, 30వ ఏట ఏమీ ఉండదు.

అవే మూడేళ్లు చివర వస్తే? 27 ఏళ్ల తర్వాత 138.7 లక్షలు ఉంటాయి, చెడ్డ మూడేళ్లు గడిచాక కూడా 90 లక్షలు మిగులుతాయి. రాబడులు అవే, సగటు అదే, సీఏజీఆర్ అదే. వరుస ఒక్కటే మారింది. ఒకే సగటు రాబడితో వేసే మామూలు ఎక్సెల్ లెక్క ఈ తేడాను ఎప్పటికీ చూపించదు. సిమ్యులేషన్ చేసే అసలు పని ఇదే.

మిడ్‌క్యాప్_మధు

ఇక్కడే నా అభ్యంతరం. ఆ కోడ్‌లో ప్రతి ఏడూ విడి పాచిక. నిజం మార్కెట్ అలా ఉండదు. 2008లో పడింది, 2009లో లేచింది. బాగా పడ్డాక షేర్లు చవకవుతాయి, లేస్తాయి. వరసగా చెడ్డ ఏళ్లు వచ్చే దారులను ఈ కోడ్ ఎక్కువగా పుట్టిస్తోంది. అసలు సక్సెస్ ఇంకా ఎక్కువే ఉంటుంది.

కోడ్_కరీం

అందుకే కొందరు పాచిక బదులు చరిత్ర ముక్కలు వాడతారు. నెలనెలా రాబడులు తీసుకుని, ఏదో ఒక నెల దగ్గర మొదలుపెట్టి వరసగా 36 నెలలు కోసి, ఇంకో 36 నెలల ముక్క అతికించి, అలా 360 నెలలు అయ్యేదాకా. ఈక్విటీ, డెట్, ఇన్‌ఫ్లేషన్ మూడూ అదే నెలలవి తీసుకోవాలి. అప్పుడు పడి లేవడం కూడా దారిలో ఉంటుంది, ధరలకూ వడ్డీలకూ ఉన్న సంబంధం కూడా చెడదు.

లెక్కల_లక్ష్మి

పద్ధతి మంచిదే, మన దగ్గర సరుకే తక్కువ. సెన్సెక్స్ మొదలు 1978-79, నిఫ్టీ 50 మొదలు 1995 నవంబర్. 45 ఏళ్ల చరిత్రలో ఒకదానిపై ఒకటి పడని 30 ఏళ్ల కాలాలు ఒకటిన్నర. ముక్కలు కోసి పదివేల దారులు చేసినా అవన్నీ ఆ 45 ఏళ్లలోంచే వస్తాయి. మనకు రాని చెడు ఆ దారుల్లో ఉండదు. జపాన్ నిక్కీ 1989 చివర 38,900 దాటింది, మళ్లీ ఆ స్థాయికి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. పడ్డాక లేవడం అన్నిచోట్లా ఒకటిన్నరేళ్లలో జరగలేదు మధు గారూ.

రెండో వైపు కూడా ఒప్పుకోవాలి. కరీం గారి కోడ్‌లోని నార్మల్ పాచిక ప్రకారం 2008 లాంటి ఏడు, అంటే మైనస్ 52, అయిదారు వందల ఏళ్లకోసారి రావాలి. మన పెద్దవాళ్లు దాన్ని తమ రిటైర్‌మెంట్‌లోనే చూశారు. కాబట్టి ఆ పాచిక ఒకవైపు మరీ జాగ్రత్తపరుడు, ఇంకోవైపు మరీ ధీమా.

కోడ్_కరీం

తోక బరువు, అంటే 2008 లాంటి మరీ చెడ్డ ఏళ్లు వచ్చే అవకాశం, పెంచాలంటే ఈక్విటీ వరుసను ఇలా మార్చవచ్చు:

```python
    t = rng.standard_t(5, N) * (3 / 5) ** 0.5
    eq = np.maximum(em + es * t, -0.9)
```

ఈ రెండు వరుసలూ `r` వరుసకు ముందు పెట్టి, `rng.normal(em, es, N)` ఉన్నచోట `eq` పెట్టండి. 3/5 వర్గమూలంతో గుణించకపోతే ఒడిదొడుకు 22 బదులు 28 అయిపోతుంది, అది చాలామంది వదిలేస్తారు. నేను చూసినంతలో 30 ఏళ్ల సక్సెస్ పెద్దగా కదలదు, మరీ ముందుగా అయిపోయే దారులే కాస్త పెరుగుతాయి.

మిడ్‌క్యాప్_మధు

జపాన్ 1989 ధరలు వేరు, మన ధరలు వేరు. దాన్ని పోలిక తేవడం నాకు నచ్చలేదు. ఆ మాట అలా ఉంచితే, వేణూ, ఖర్చులో వైద్యం విడిగా పెట్టావా?

బెజవాడ_వేణు

లేదు, 6 లక్షల్లోనే కలిపాను. ఇన్సూరెన్స్ ప్రీమియం, మందులు అన్నీ కలిపి అందులో లక్ష ఉంటుంది.

లెక్కల_లక్ష్మి

మధు గారు మంచి ప్రశ్న అడిగారు. ఆ లక్షను 10 శాతంతో, మిగతా 5 లక్షలను 6 శాతంతో పెంచండి. 20వ ఏడు దాటేసరికి మొత్తం ఖర్చు 19.2 బదులు 22.8 లక్షలు అవుతుంది, 18 శాతం ఎక్కువ. `spend` బదులు రెండు అంకెలు పెట్టుకుని విడివిడిగా పెంచి కలిపితే చాలు. మీ 70 ఇంకా తగ్గుతుంది.

బెజవాడ_వేణు

తగ్గింది, 60లలోకి వచ్చింది. అయితే నెలకు ఎంతకు దిగాలి? లేక రెండేళ్లు ఆగాలా?

లెక్కల_లక్ష్మి

వైద్యం విడదీయకముందు లెక్కలో నెలకు 50 వేలు బదులు 43,750 (ఏడాదికి 5.25 లక్షలు, 3.5 శాతం) తీసుకుంటే సక్సెస్ 80 దాటుతుంది. 37,500 అయితే 90 దాటుతుంది. రెండేళ్లు ఎక్కువ పనిచేస్తే మూడు జరుగుతాయి: మొదటి ఏటి ఖర్చు రెండేళ్ల ధరల మేరకు పెరుగుతుంది, డబ్బు పెరుగుతుంది, 30 బదులు 28 ఏళ్లు చాలు. `Y`, `bal`, `spend` మూడూ మార్చి చూడండి.

మూడో దారి కూడా ఉంది. కోడ్‌లోని మనిషి డబ్బు సగానికి పడినా, ఏమీ పట్టనట్టు పెంచుకుంటూనే తీస్తాడు. నిజంగా ఎవరూ అలా ఉండరు. ఒక నియమం పెట్టండి: ఆ ఏటి ఖర్చు అప్పటి మిగులులో 5.5 శాతం దాటితే ఆ ఏడు 10 శాతం తగ్గించి తీయాలి. కానీ 5.5 దాటిన ప్రతి ఏడూ మళ్లీ మళ్లీ కోస్తే పది కోతల్లో ఖర్చు మూడోవంతుకు వస్తుంది. కోత ఎంతవరకు అన్నది మీ ఇంట్లో మాట్లాడుకుని ముందే తేల్చుకోవాలి. కనీసం నెలకు 38 వేలు ఉండాల్సిందే అనుకుంటే ఇవాళ్టి రూపాయల్లో ఆ అడుగును కోడ్‌లో పెట్టండి.

ఇలాంటి నియమాలు పెట్టాక సక్సెస్ శాతం ఒక్కటే చూడకండి. మిగులులో ఏటా 5 శాతమే తీస్తాననే నియమానికి సక్సెస్ నూటికి నూరు, డబ్బు ఎప్పటికీ సున్నా కాదు. కానీ నెలకు 20 వేలతో బతకాల్సిన దారులు అందులో ఉంటాయి. ప్రతి దారిలోనూ అతి తక్కువగా ఇచ్చిన ఏడు ఎంతో రాసిపెట్టి, పదింట చెడ్డ ఒక దారిలో ఆ అంకె ఎంతో చూడండి.

పోస్టాఫీసు_రావు

అయితే అడుగు 38 వేలు అన్నదానికే స్కీము డబ్బు, కొంత యాన్యుటీ పెట్టి, మిగతాది మార్కెట్లో వదిలేస్తే సరిపోదా?

లెక్కల_లక్ష్మి

అది పరీక్షించాల్సిన ప్లానే రావు గారూ. యాన్యుటీకి ఇచ్చిన మొత్తం `bal` లోంచి తీసేయాలి, వచ్చే ఆదాయాన్ని ధరలతో పెంచకుండా ఏటి ఖర్చులోంచి తీసివేయాలి. మొదటి పదేళ్లు చాలా బాగా కనిపిస్తుంది, చివరి పదేళ్లలో ఆ ఆదాయం కరిగిపోయి బరువంతా మార్కెట్ సగం మీద పడుతుంది. `fail` పట్టికలో 22-28 ఏళ్ల మధ్య ఏమవుతుందో చూసి వేణు గారు ఇక్కడ పెడితే మాట్లాడుకుందాం.

బెజవాడ_వేణు

తప్పకుండా. 30 లక్షలు స్కీములో, 120 లక్షలు సగం సగం, వైద్యం 10 శాతం, అడుగు 38 వేలు. ఇన్‌ఫ్లేషన్ 5, 6, 7 మూడింటికీ, ఈక్విటీ 12కీ 14కీ నడిపి ఆరు ఫలితాలూ రేపు పెడతాను. మధు అన్నా, 14 మీ కోసమే.

మిడ్‌క్యాప్_మధు

పెట్టు. ఒడిదొడుకు 18తో కూడా ఒకసారి నడుపు. ఇండెక్స్ ఫండ్‌కి 22 ఎక్కువని నా అభిప్రాయం.